తెల్ల నెట్ వెయిల్, సాంబ్రాణి పొగ, గాజు గ్లాసు: కటింగ్ ఎందుకు శుభ్రంగా రాదు

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం, చిన్న స్టూడియో. ఒక చర్చి పెళ్లి ఆల్బమ్ చేస్తున్నాను. పెళ్లికూతురు తెల్ల నెట్ వెయిల్ వేసుకుంది. కొన్ని ఫొటోలు స్టూడియోలో ఆకుపచ్చ తెర ముందు తీశాను, కొన్ని హాల్లో క్రీమ్ గోడ ముందు తీశాను. వెనక గండికోట పెట్టమంటున్నారు. చీర, జుట్టు బాగానే కట్ అవుతున్నాయి. వెయిల్ మాత్రం అయితే ఆకుపచ్చగా మిగులుతోంది, లేకపోతే కాగితం అతికించినట్టు ఉంటోంది. ఒక షాపు వాళ్ల సాంబ్రాణి పొగ ఫొటో, ఇంకొకరి సోడా గ్లాసు ఫొటో కూడా ఇలాగే మొండికేస్తున్నాయి. పెన్ టూల్‌తో ఎంత జాగ్రత్తగా గీసినా రావట్లేదు. తప్పు ఎక్కడ చేస్తున్నాను?

సమాధానం:

తమ్ముడూ, పెన్ టూల్ నీ దగ్గర సరిగ్గానే పనిచేస్తోంది. అది ఒక్కటే నిర్ణయిస్తుంది: ఈ పిక్సెల్ మనిషిదా, వెనకున్న గోడదా? చీర అంచు దగ్గర ఈ నిర్ణయం తేలిక. గీతకు ఇటువైపు చీర, అటువైపు తెర. నెట్ దగ్గర గీత గీయడానికి చోటే లేదు. కెమెరా నుంచి ఆరేడు అడుగుల దూరంలో ఉన్న నెట్‌లో ఒక దారం పిక్సెల్ కంటే సన్నగా ఉంటుంది. అందుకే ఒకే పిక్సెల్‌లో కొంత దారం, దారాల సందుల్లోంచి కొంత తెర పడతాయి. కెమెరా ఆ రెండు వెలుగుల్నీ కలిపి ఒక్క రంగుగా రాసిపెడుతుంది. నువ్వు కట్ చేయాల్సింది అంచును కాదు, ఆ కలిసిపోయిన రంగును విడదీయాలి. నీళ్లు కలిపిన పాలు చేతికిచ్చి, ఇందులో నీళ్లెన్ని, అసలు పాలు ఎంత చిక్కన అని అడిగినట్టే ఇది. పాలు ముందే పలచనివా, నీళ్లు ఎక్కువయ్యాయా అన్నది చూసి చెప్పలేం.

ఈ కలయికకు ఒక సూత్రం ఉంది. ఫొటోషాప్‌లో నువ్వు వాడే మాస్కులన్నీ దాని మీదే నడుస్తాయి.

```
C = αF + (1 − α)B
```

C అంటే ఫొటోలో కనిపించే రంగు. F వెయిల్ సొంత రంగు, B వెనకున్న తెర రంగు. α అంటే ఆ పిక్సెల్‌లో వెయిల్ ఆక్రమించిన భాగం. 0 అయితే అక్కడ వెయిల్ లేదు, 1 అయితే వెనకున్నది ఏమీ కనిపించదు. మాస్క్‌లో నలుపు, తెలుపు, మధ్య బూడిద రంగులు ఈ α విలువలే.

ఫొటో నీకు ఇచ్చేది C ఒక్కటే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు సంఖ్యలు. కనుక్కోవాల్సినవి మాత్రం F లో మూడు, B లో మూడు, α ఒకటి, మొత్తం ఏడు. తెర రంగు నీకు తెలుసు అనుకున్నా ఇంకా నాలుగు మిగులుతాయి. చేతిలో మూడు సంఖ్యలు, తేల్చాల్సినవి నాలుగు. ఇక్కడే అంతా ఇరుక్కుంటుంది.

ఒక పిక్సెల్ తీసుకుని చూపిస్తాను. వెలుగును 0 నుంచి 100 వరకు కొలుద్దాం. నీ తెర రంగు ఎరుపు 20, ఆకుపచ్చ 50, నీలం 30 అనుకో. వెయిల్ తెల్లది, మూడూ 80. ఒక చోట నెట్ పిక్సెల్‌లో 40 శాతం ఆక్రమించింది, అంటే α 0.4. లెక్క వేస్తే కెమెరాలో పడే రంగు 44, 62, 50. లేత ఆకుపచ్చ మసక.

ఇప్పుడు ఆ 44, 62, 50 ని మాత్రమే చూసి వెనక్కి రా. α 0.5 అనుకుంటే వెయిల్ రంగు 68, 74, 70 అయి ఉండాలి, అంటే కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద నెట్. α 0.8 అనుకుంటే 50, 65, 55, కొంచెం మందమైన లేత ఆకుపచ్చ బట్ట. α 1 అనుకుంటే అసలు పారదర్శకతే లేని ఆకుపచ్చ గుడ్డ. ఈ మూడూ, అసలు నిజమూ, నాలుగూ ఫొటోలో ఒకే పిక్సెల్‌గా కనిపిస్తాయి. నువ్వు ఎంత జూమ్ చేసినా, ఎంత ఖరీదైన మానిటర్‌లో చూసినా తేడా తెలియదు, ఎందుకంటే తేడా ఫైల్‌లో లేదు. ఆకుపచ్చగా మిగలడమంటే ఫొటోషాప్ ఆ చివరి రకం జవాబును ఎంచుకుందని అర్థం.

`Select and Mask` లో `Decontaminate Colors` పెడితే పోదా అని అడుగుతావు. అది అంచు దగ్గరున్న రంగుల్ని తీసేసి, పక్కనే పూర్తిగా ఎంపికైన పిక్సెల్స్ రంగు పూస్తుంది. జుట్టుకు ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే కాస్త లోపలికి వెళితే నల్లటి జుట్టు నిండుగా ఉంటుంది. నీ వెయిల్‌లో నిండుగా ఉన్న పిక్సెల్ ఒక్కటీ లేదు. అందుకే అది పక్కనున్న జుట్టు రంగో, చీర రంగో తెచ్చి పూస్తుంది. భుజం దగ్గర వెయిల్ నల్లబడడం నువ్వు చూసే ఉంటావు.

సరే, దారి ఏమిటి? మూడు సంఖ్యలతో నాలుగు తెలియనివి తేలవు గనక, బయట నుంచి ఇంకో సమాచారం కావాలి. నీ దగ్గర అది ఉంది, నువ్వు గమనించలేదు: వెయిల్ తెల్లది. తెలుపు, బూడిద లాంటి రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సమానంగా ఉంటాయి. అంటే వెయిల్ సొంతంగా ఆ మూడింటి మధ్య ఏ తేడానూ తేదు. ఫొటోలో తేడా కనిపిస్తే అదంతా తెర నుంచి వచ్చినదే.

పై పిక్సెల్‌లో ఆకుపచ్చలోంచి ఎరుపు తీసెయ్: 62 − 44 = 18. ఉత్త తెరలో అదే తేడా 50 − 20 = 30. 30 లో 18 మిగిలిందంటే తెర 0.6 వంతు కనిపిస్తోంది, వెయిల్ 0.4 వంతు ఉంది. α తేలిపోయింది. నీలంతో సరిచూసుకో: 62 − 50 = 12, తెరలో 20, మళ్లీ 0.6. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే నీ తెర రంగు సరిగ్గా తీసుకున్నట్టే.

ఈ కిటుకు నాది కాదు. బొమ్మకు రంగు ఛాయ లేకపోతే రంగు తెర ముందు ఒక్క ఫొటోతోనే జవాబు తేలుతుందని ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ 1996లో బ్లూ స్క్రీన్ గురించి రాసిన పేపర్‌లో గణితంగా చూపించారు. మామూలుగా తేలదు, కొన్ని ప్రత్యేక సందర్భాల్లోనే తేలుతుంది అన్నది అందులో అసలు మాట. సినిమా వాళ్లు అంతకుముందు దశాబ్దాల నుంచి ఇలాంటి లెక్కలతోనే తెర తీసేవాళ్లు.

అదే లెక్క హాల్లోని క్రీమ్ గోడకు వేసి చూడు. క్రీమ్‌లో ఎరుపు, ఆకుపచ్చ దాదాపు సమానం. తేడా 3 లోంచో 4 లోంచో ఎంత మిగిలిందో కొలవాలి. కెమెరా గ్రెయినే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే ఆకుపచ్చ తెర ఫొటోల్ని చూసి నువ్వు విసుక్కుంటున్నావు గానీ, నిజానికి కుదిరేవి అవే. హాలు ఫొటోల సంగతి తర్వాత చెబుతాను.

ఇక ఫొటోషాప్‌లో పని. JPG మీద మొదలుపెట్టకు. రా ఫైల్ నుంచి 16 బిట్‌లో తెరువు. మామూలు JPG లో వెలుగు వివరాలు పూర్తిగా ఉంటాయి గానీ, రంగు వివరాలు చాలాసార్లు అడ్డంగా సగం, నిలువుగా సగం మాత్రమే దాచిపెడతారు. కంటికి తెలియదు. మనం చేసేదేమో రంగుల తేడా మీద మాస్క్ తయారు చేయడం, కాబట్టి మాస్క్ అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. నెట్ మీద ఆ మెట్లు దాచలేం.

రెండోది గామా. దీన్ని చాలామంది డిజైనర్లు పట్టించుకోరు, అందుకే లెక్క సరిగ్గా వేసినా వెయిల్ మందంగా వస్తుంది. పిక్సెల్‌లో సగం తెల్ల దారం, సగం నల్ల గుడ్డ ఉంటే వెలుగు సగం వస్తుంది. కానీ మామూలు sRGB ఫైల్‌లో ఆ సగం వెలుగుకు రాసే సంఖ్య 128 కాదు, దాదాపు 188. నువ్వు 188 ని 255 తో భాగిస్తే 0.74 వస్తుంది, నిజం 0.5. నేను పైన 0 నుంచి 100 వరకు అన్న కొలతలన్నీ అసలు వెలుగువి, ఫైల్‌లో కనిపించే సంఖ్యలు కావు. కాబట్టి `Edit > Convert to Profile` లో `Custom RGB` తీసుకుని గామా 1.0 పెట్టు. మానిటర్ మీద ఫొటో అలాగే కనిపిస్తుంది, లోపలి సంఖ్యలు మాత్రం వెలుగుకు తగ్గట్టు మారతాయి. రా తెరిచేటప్పుడు కాంట్రాస్ట్, క్లారిటీ, డీహేజ్ లాంటివి సున్నాలో ఉంచు. వాటిని పని అయ్యాక చేసుకోవచ్చు. వైట్ బ్యాలెన్స్ మాత్రం ముందే సరిచెయ్, ఎందుకంటే వెయిల్ తెలుపు అన్న నమ్మకం మీదే అంతా నిలబడింది. పసుపు బల్బు ఛాయ మిగిలి ఉంటే వెయిల్‌లో మూడు రంగులూ సమానంగా ఉండవు. పెళ్లికూతురి చేతిలో ఒక గ్రే కార్డు పెట్టి తీసిన ఫొటో ఒకటి ఉంటే ఆ పని నిమిషంలో అవుతుంది.

ఇప్పుడు `Image > Calculations` తెరువు. ఒక సోర్స్‌లో ఎరుపు ఛానెల్, రెండో దాంట్లో ఆకుపచ్చ ఛానెల్, బ్లెండింగ్ `Subtract`, రిజల్ట్ `New Channel`. ఫలితం అంతా నల్లగా వస్తే రెండు సోర్సులూ తారుమారు చెయ్. తెర ఉన్నచోట బూడిద, మనిషి ఉన్నచోట నలుపు, వెయిల్ దగ్గర మధ్య ఛాయ రావాలి. దాని మీద `Levels` తెరిచి, ఉత్త తెర పూర్తిగా తెల్లబడే వరకు కుడివైపు స్లైడర్ ఎడమకు జరుపు. మధ్య స్లైడర్‌ను ముట్టుకోకు, అది జరిగితే 0.6 కాస్తా ఇంకేదో అవుతుంది. ఇదే 30 తో భాగించడం. వచ్చినదాన్ని ఇన్వర్ట్ చేస్తే α మాస్క్ సిద్ధం.

ఈ మాస్క్‌లో ముఖం, జుట్టు, చీర ఉన్నచోట తప్పులుంటాయి. చర్మంలో మూడు రంగులూ సమానం కావు, చేతిలో బొకే ఆకులు ఉంటే అవి తెరలాగే కనిపిస్తాయి. ఆ భాగాల్ని నీ పెన్ టూల్‌తోనే ఎంపిక చేసి తెల్లగా నింపెయ్. నీ నైపుణ్యం ఇక్కడ పనికొస్తుంది. వెయిల్ ముఖం మీదుగా పడి ఉంటే అక్కడ కూడా తెల్లగా నింపు. ఆ నెట్ వెనక ఉన్నది ముఖం, తెర కాదు. ముఖం ఎలాగూ మనతోనే గండికోటకు వస్తుంది, కాబట్టి అక్కడ విడదీయాల్సిన అవసరమే లేదు. చాలామంది మొత్తం వెయిల్‌ను ఒకే అపాసిటీకి దించి, బుగ్గల మీద కొండ రాళ్లు కనిపించేలా చేస్తారు.

మాస్క్ దొరికింది గదా అని ఫొటోకు తగిలిస్తే పని అయిపోదు. α 0.4 తో తగిలించినా, పిక్సెల్ రంగు ఇంకా 44, 62, 50 గానే ఉంది. ఆకుపచ్చ అలాగే వెళ్తుంది. తెర వంతును రంగులోంచి తీసెయ్యాలి. తెర రంగుతో ఒక నిండు లేయర్ చేసి, దానికి α మాస్క్‌ను ఇన్వర్ట్ చేసి పెట్టు, కింద నల్ల లేయర్ ఉంచి ఆ రెండింటినీ మెర్జ్ చెయ్. అలా వచ్చిన లేయర్‌ను ఫొటో మీద `Subtract` లో పెట్టు. ముందే మెర్జ్ చేయమన్నది ఊరికే కాదు: మాస్క్ ఉన్న లేయర్‌నే నేరుగా `Subtract` లో పెడితే, తెర కంటే ముదురుగా ఉన్న మడతల్లో విలువ సున్నా దగ్గర కత్తిరించుకుపోయి లెక్క చెడుతుంది. మన పిక్సెల్‌లో తెర వంతు 12, 30, 18. అది తీసేస్తే 32, 32, 32 మిగులుతుంది. ఛాయ లేని బూడిద. ఉత్త తెర ఉన్నచోట నలుపు, పెళ్లికూతురు ఉన్నచోట ఆమె రంగులు అలాగే. వెయిల్ మొత్తం నల్ల గుడ్డ ముందు తీసినట్టు కనిపిస్తుంది. ఫొటోను, ఈ లేయర్‌ను కలిపి ఒక్కటి చెయ్.

అడుగున గండికోట ఫొటో పెట్టు, అది కూడా ఇదే గామా 1.0 డాక్యుమెంట్‌లోకి వచ్చి ఉండాలి. దాని మీద నిండు నలుపు లేయర్, దానికి α మాస్క్. పెళ్లికూతురు ఉన్న మేరకు కొండ నల్లబడుతుంది, వెయిల్ దగ్గర 0.6 వంతు మిగులుతుంది. ఆ పైన మనం శుభ్రం చేసిన లేయర్‌ను `Linear Dodge (Add)` లో పెట్టు. పెన్నా లోయలోని ఎర్ర రాయి విలువ 40, 22, 14 అనుకుంటే, 0.6 వంతు 24, 13, 8 అవుతుంది, దానికి 32 కలిపితే 56, 45, 40. వెచ్చని ఎరుపు ఛాయతో, రాయి మీద పరిచిన తెల్ల నెట్ రంగు. ఇంతకుముందు నీకు మిగిలిన 44, 62, 50 తో పోల్చుకో. అంతా అయ్యాక ఫ్లాటెన్ చేసి, అప్పుడే sRGB లోకి మార్చు. ముందే మారిస్తే కలిసే తీరు మళ్లీ మారిపోతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో గండికోట మీద చూసి తేల్చకు. రాళ్ల గందరగోళంలో తప్పులు దాక్కుంటాయి. అడుగున తాత్కాలికంగా నలుపు తెలుపు చారలున్న లేయర్ పెట్టి చూడు. వెయిల్‌లోంచి చారలు సమానంగా కనిపించాలి, నెట్ ఒక పొర ఉన్నచోట ఎక్కువ, మడతల్లో తక్కువ. నీ నెట్ ఒక పొరకు α 0.4 అయితే రెండు పొరలకు 0.8 కాదు, 0.64. మొదటి పొర వదిలిన 0.6 లోంచే రెండోది మళ్లీ 0.6 వదులుతుంది గనక 0.36 మిగులుతుంది. మూడు పొరలకు దాదాపు 0.78. మాస్క్‌లో ఐడ్రాపర్ పెట్టి మడతలు ఇలా మెట్లుగా పెరుగుతున్నాయో లేదో చూస్తే, బండగా ఒకే బూడిద పూసిన మాస్క్ వెంటనే దొరికిపోతుంది. వెయిల్ కాగితంలా ఉంటోందన్నావే, దానికి కారణం ఇదే అయి ఉంటుంది.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. తెర మనిషికి దగ్గరగా ఉంటే దాని ఆకుపచ్చ వెలుగు నెట్ దారాల మీద కూడా పడుతుంది. అప్పుడు వెయిల్ నిజంగానే కొంచెం ఆకుపచ్చ అవుతుంది, మన లెక్క దాన్ని తెర అనుకుంటుంది, వెయిల్ ఉండాల్సిన దానికంటే పలచగా వస్తుంది. చిన్న స్టూడియోల్లో చోటు లేక మనిషిని తెరకు ఆనించి నిలబెడతారు, సగం కష్టాలు అక్కడివే. చోటు ఉన్నంతలో ముందుకు జరిపి, తెరకు వేరే లైట్ పెట్టు. తెర మీద వెలుగు ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ ఉంటే `Levels` లో ఒకే విలువ అన్నిచోట్లా సరిపోదు. ట్రైపాడ్ కదపకుండా పెళ్లికూతురు లేని ఉత్త తెరను కూడా ఒక ఫొటో తీసుకుంటే, దాని తేడాతో `Divide` చేసి ప్రతి పిక్సెల్‌కూ దాని సొంత తెర విలువ వాడుకోవచ్చు. ఇక వెయిల్ ఎర్రది, ఆకుపచ్చది, జరీ అంచుది అయితే ఈ కిటుకు అసలు పనిచేయదు. నిఖా ఫొటోల్లో ఎర్ర నెట్ దుపట్టాతో కర్నూలులో మాకు ఇది మామూలే. అక్కడ నేను దుపట్టా బయటికి పరుచుకున్న భాగాన్ని వదిలేసి, అలాంటి నెట్ ముక్కనే విడిగా నలుపు ముందు ఒకసారి, తెలుపు ముందు ఒకసారి తీసి కలుపుతాను. కదలని వస్తువుకు రెండు తెరల మీద రెండు ఫొటోలుంటే ఆరు సంఖ్యలు దొరుకుతాయి, అప్పుడు దాని రంగు ఏదైనా జవాబు తేలుతుంది. గాలికి ఊగే వెయిల్‌కు, ఊపిరి పీల్చే మనిషికి మాత్రం రెండు ఫొటోలు ఎప్పటికీ పిక్సెల్‌కు పిక్సెల్ కలవవు.

పొగకు వద్దాం. సాంబ్రాణి పొగ చాలావరకు రంగు లేనిదే, కాబట్టి పై పద్ధతి దానికీ నడుస్తుంది. కానీ పొగకు వెయిల్ లాగా స్థిరమైన సొంత రంగు ఉండదు. పక్క నుంచో వెనక నుంచో లైట్ పడి వెనక చీకటి ఉంటే పొగ తెల్లగా, కొంచెం నీలంగా మెరుస్తుంది. అదే పొగను ఎండలో తెల్ల గోడ ముందు చూడు, గోధుమ రంగు మరకలా కనిపిస్తుంది. మొదటి సందర్భంలో అది మన వైపు వెలుగును చెదరగొట్టి కలుపుతోంది, రెండో దాంట్లో గోడ నుంచి వచ్చే వెలుగును అడ్డుకుంటోంది. నీ షాపు వాళ్ల ఫొటోలో పొగ వెనక లేత రంగు గోడ ఉంటే, నువ్వు కట్ చేస్తున్నది ఆ మరకను. దాన్ని తీసుకెళ్లి ముదురు రంగు పోస్టర్ మీద పెడితే పొగ అనిపించదు, మసి అనిపిస్తుంది.

అందుకే పొగను కట్ చేయడం కంటే మళ్లీ తీయడం తేలిక. సాయంత్రం గది తలుపులు వేసి, నల్ల వెల్వెట్ గుడ్డ వెనక కట్టి, గుడ్డ మీద పడకుండా పక్క నుంచి ఒక లైట్ పెట్టి, ధూపం పొగ పది పదిహేను ఫొటోలు తీసుకో. వాటిని పోస్టర్ మీద `Screen` లో పెడితే నలుపు మాయమై పొగ మిగులుతుంది, మాస్క్ అక్కర్లేదు. `Screen` లోపల చేసేది కూడా α లెక్కే: పొగ ఎంత తెల్లగా ఉంటే అంత α అనుకుంటుంది. పలచని పొగకు ఇది నప్పుతుంది. దట్టమైన బూడిద పొగకు నప్పదు, ఎందుకంటే మందంగా ఉండి తెల్లగా లేని పొగను అది పలచన అనుకుని వెనకున్న అక్షరాల్ని చూపించేస్తుంది. అలాంటప్పుడు పొగ లేయర్ కింద, అదే పొగను మాస్క్‌గా పెట్టిన ఒక ముదురు లేయర్ వేసి వెనకదాన్ని కొంచెం తగ్గించు.

సోడా గ్లాసు అన్నిటికంటే మొండిది. వెయిల్, పొగల్లో ఆ సూత్రం కనీసం నిజం, జవాబు తేల్చడమే కష్టం. గాజు దగ్గర సూత్రమే సరిపోదు. సూత్రంలో B అంటే ఆ పిక్సెల్‌కు సరిగ్గా వెనకున్న రంగు. నీళ్లో సోడానో నింపిన గుండ్రటి గ్లాసు లెన్స్ లాగా పనిచేస్తుంది. దాని వెనక కాస్త దూరంలో పేపర్ పెట్టి చూడు, ఎడమవైపున్న అక్షరాలు కుడివైపు కనిపిస్తాయి. అంటే గ్లాసులో ఎడమవైపు కనిపించేది వెనక కుడివైపున్న గోడ. అంచుల దగ్గర అయితే వెనకున్నది కాదు, పక్కనున్న కిటికీయో నీ చొక్కాయో కనిపించవచ్చు. కొత్త బ్యాక్‌గ్రౌండ్ పెట్టినప్పుడు అది కూడా అలా తిరగబడి, అంచుల్లో వంగి కనిపించాలి. ఏ మాస్క్‌లోనూ ఆ సమాచారం ఉండదు. 1999లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు దీనికే ఎన్విరాన్‌మెంట్ మ్యాటింగ్ అనే పద్ధతి చూపించారు. గాజు చుట్టూ మానిటర్ల మీద రకరకాల చారలు చూపిస్తూ వరసగా ఫొటోలు తీసి, ఏ పిక్సెల్ ఎక్కడి వెలుగును తెస్తోందో లెక్కగట్టారు. అది మన టేబుల్ మీద అయ్యే పని కాదు.

గాజు చేసే మిగతా రెండు పనుల్ని మాత్రం మనం విడదీయవచ్చు. ఒకటి, తనలోంచి వెళ్లే వెలుగులో కొంత మింగడం. సోడాలో రంగు ఉంటే ఒక్కో రంగును ఒక్కో మేరకు మింగుతుంది, కాబట్టి ఒకే α మూడు రంగులకూ సరిపోదు. రెండోది, ఎదుటి లైటును తిరిగి మన వైపు కొట్టడం. గాజు ఒక్కో ముఖం దగ్గర నేరుగా పడిన వెలుగులో సుమారు 4 శాతం, వాలుగా పడితే అంతకంటే ఎక్కువ వెనక్కి పంపుతుంది. మింగేది `Multiply` కు, మెరుపు `Screen` కు నప్పుతాయి. కాబట్టి గ్లాసును రెండుసార్లు తియ్: తెల్ల కాగితం వెనక నుంచి లైటు వేసి ఒకటి, నల్ల గుడ్డ ముందు పక్క లైటుతో ఒకటి. గ్లాసు కదలకూడదు. తెల్లది `Multiply` లో కింద, నల్లది `Screen` లో పైన. గ్లాసు బయటి ఆకారాన్ని పెన్ టూల్‌తో కట్ చేసుకో, ఆ అంచు నిజంగా గీతే. గ్లాసు లోపల పడే బ్యాక్‌గ్రౌండ్ భాగాన్ని విడిగా కాపీ చేసి, అడ్డంగా తిప్పి, కొద్దిగా బ్లర్ చేసి పెడితే చాలు. సోడా బుడగల మధ్య అంతకంటే ఎవరూ వెతకరు. రంగు, డిజైన్ ఎక్కువగా లేని బ్యాక్‌గ్రౌండ్ అయితే తిప్పడం కూడా అక్కర్లేదు.

పెళ్లికూతురి చేతి గాజుల కోసం ఇదంతా చేయకు. వాటి వెనక ఉన్నది చెయ్యే, నిండుగా ఉంచెయ్. చేతికి, గాజుకు మధ్య సందులో తెర కనిపించే చోట మాత్రం చిన్న చిల్లు పెట్టు.

ఇక హాల్లో క్రీమ్ గోడ ముందు తీసినవి. వాటిలో వెయిల్‌ను లెక్కతో విడదీసే దారి లేదు. చేయగలిగింది, బ్యాక్‌గ్రౌండ్‌ను గోడకు దగ్గరగా ఎంచుకోవడం. గండికోటలోనే ఎర్ర లోయ బదులు, పొద్దున మంచులాంటి లేత ఆకాశం ఎక్కువగా ఉన్న ఫ్రేమ్ పెట్టు. వెయిల్‌లో మిగిలిన క్రీమ్ రంగు, లేత ఆకాశం ముందు తప్పుగా కనిపించదు. వాళ్లు లోయే కావాలంటే, ఆ ఫొటోల్లో వెయిల్ బయటి భాగాన్ని తీసేసి, ఆకుపచ్చ తెర ఫొటోల్లోంచి శుభ్రం చేసిన వెయిల్ ముక్కను తెచ్చి అతుకు. వెలుగు వచ్చే వైపు రెండింటిలోనూ ఒకటే ఉండేలా చూసుకో. ఎడమ నుంచి లైటు పడిన వెయిల్‌ను కుడి ఎండలో నిలబెడితే, α ఎంత సరిగ్గా ఉన్నా అతుకు తెలిసిపోతుంది.